టీబీ తగ్గింది, గుంట మిగిలింది

ఒక మనిషిని అనుకుందాం. మార్కాపురం వైపు పల్లె, వయసు 54. ఒకప్పుడు లారీ నడిపేవాడు, ఇప్పుడు ఊళ్లోనే చిన్న కిరాణా కొట్టు చూసుకుంటున్నాడు. పన్నెండేళ్ల కిందట టీబీ వస్తే ఆరు నెలల కోర్సు ఒక్క రోజు తప్పకుండా మింగాడు. తెమడలో క్రిములు లేవన్నారు. పోయిన బరువు తిరిగొచ్చింది, ఆ జబ్బు సంగతే మర్చిపోయాడు. ఒక రోజు పొద్దున్నే పళ్లు తోముకుంటూ దగ్గితే తెమడతో పాటు చెంచాడు నెత్తురు పడింది. రెండు రోజులు అలా పడి ఆగిపోయింది. మూడు నెలలకు మళ్లీ పడింది. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో పాత మచ్చ, దాని పక్కన పాత గుంట కనిపించాయి. తెమడ రెండుసార్లు పరీక్షించినా టీబీ క్రిమి దొరకలేదు. అయినా పాత టీబీ రోగి కదా, ఎందుకైనా మంచిదని మళ్లీ టీబీ మందులే మొదలుపెట్టారు. ఆ మందులు వాడుతుండగానే, రెండో నెలలో ఒక రాత్రి, దగ్గుతో అర గ్లాసు నెత్తురు వచ్చింది.

ఆ మనిషికి టీబీ తిరగబెట్టలేదు. టీబీ తవ్విపెట్టిన గుంటలో బూజు చేరి ఉండలా పెరిగింది. వైద్యులు దాన్ని ఆస్పర్‌జిలోమా అంటారు. మామూలు మాటల్లో ఫంగస్ బంతి. పాత టీబీ రోగికి నెత్తురు పడగానే ఇంట్లో వాళ్లకీ, ఒక్కోసారి డాక్టరుకీ టీబీ తప్ప ఇంకోటి తట్టదు. ఆ అలవాటు వల్ల నెలలు గడిచిపోతాయి. ఈ జబ్బులో అలా పోయిన నెలలు ప్రమాదకరమైనవి.

టీబీ క్రిమి ఊపిరితిత్తి మెత్తటి కండను కుళ్లబెడుతుంది. కుళ్లిన భాగం కరిగి, దగ్గుతో బయటికి పోయాక ఆ చోట ఖాళీ గుంట ఏర్పడుతుంది. మందులు క్రిమిని చంపుతాయి గానీ పోయిన కండను తిరిగి తేలేవు. చిన్న గుంటలు ముడుచుకుని మచ్చలవుతాయి. పెద్దవి గట్టి గోడలు కట్టుకుని అలాగే ఉండిపోతాయి. లోపల గాలి ఆడుతుంది, కానీ ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి దుమ్మునీ ధూళినీ ఎప్పటికప్పుడు పైకి తోసేసే ఏర్పాటు ఆ గుంట గోడకు ఉండదు. లోపలికి వచ్చింది లోపలే ఉండిపోతుంది.

అక్కడికి వచ్చేది ఎక్కువగా ఆస్పర్‌జిలస్ ఫ్యూమిగేటస్ అనే బూజు. ఇది ప్రత్యేకంగా ఎక్కడో ఉండేది కాదు. గడ్డివామిలో, పెంటకుప్పలో, తడిసిన ధాన్యంలో, ఇంటి గోడ చెమ్మలో, అన్నిచోట్లా ఉంటుంది. దాని బీజాలు మిల్లీమీటరులో 300వ వంతు నుంచి 500వ వంతు దాకా ఉండేంత సన్నవి. మనమందరం రోజూ వాటిని పీలుస్తూనే ఉంటాం, ఊపిరితిత్తులు వాటిని వదిలించుకుంటూనే ఉంటాయి. గుంట ఉన్నచోట మాత్రం బీజానికి వెచ్చదనం, తేమ, గాలి, తిండి అన్నీ దొరుకుతాయి. మొలకెత్తి దారాలు సాగుతుంది. ఆ దారాలు, చీము, జిగురు, చచ్చిన కణాలు పెనవేసుకుని నెలలు, ఏళ్లు గడిచేసరికి ఉండగా మారతాయి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఈ బంతి ఉన్న మనిషికి వేరే కంచం, వేరే గది అక్కర్లేదు. టీబీ భయంతో మనవళ్లని దగ్గరికి రానివ్వని ఇళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలా ఊరట.

గుంట మిగిలిన ప్రతి ఒక్కరికీ ఇది వస్తుందా? బ్రిటన్‌లో 1960ల చివర ఈ ప్రశ్న పట్టుకునే ఒక పెద్ద పరిశీలన జరిగింది. టీబీ నయమయ్యాక కనీసం రెండున్నర సెంటీమీటర్ల గుంట మిగిలిన 544 మందిని చూశారు. దాదాపు పదిమందిలో ఒకరికి ఎక్స్‌రేలో బంతి కనిపించింది. మూడేళ్ల తర్వాత చూస్తే ఆ వాటా ఇంకా పెరిగింది. కాబట్టి పెద్ద గుంటతో కోర్సు ముగించిన మనిషికి, "నీకు నయమైంది, వెళ్లిరా" అన్న మాటతో పాటు, "ఎప్పుడు నెత్తురు పడినా ఫంగస్ కోసం చూపించుకో" అన్న మాట కూడా చెప్పి పంపాలి. మన దగ్గర ఆ రెండో మాట చెప్పేవాళ్లు తక్కువ. నాకు ఇందులో నిజంగా బాధ కలిగించేది అదే.

ఎక్స్‌రేలో ఈ బంతి ఒక్కోసారి పాత మచ్చల్లో కలిసిపోయి కనపడదు. సీటీ స్కాన్‌లో స్పష్టంగా తెలుస్తుంది. మువ్వలో గుండు ఉన్నట్టు గుంటలో ఉండ ఉంటుంది. ఉండకీ పైగోడకీ మధ్య నెలవంక ఆకారంలో నల్లగా గాలి కనిపిస్తుంది. మనిషిని బోర్లా పడుకోబెట్టి మళ్లీ స్కాన్ తీస్తే ఉండ దొర్లి కొత్తగా కిందికైన వైపుకు చేరుతుంది. అలా కదిలిందంటే అది గోడకు అతుక్కున్నది కాదని దాదాపు రుజువైనట్టే. కదలకుండా, రంగుమందు ఎక్కిస్తే మెరిసే ముద్ద అయితే క్యాన్సర్ కాదని తేల్చుకునేదాకా వదలకూడదు, ఎందుకంటే పాత మచ్చల్లో క్యాన్సర్ కూడా పుడుతుంది. స్కాన్‌తో పాటు రక్తంలో ఆస్పర్‌జిలస్ ఐజీజీ అనే పరీక్ష చేస్తారు. ఈ బూజును ఒంట్లో నెలల తరబడి మోస్తున్న చాలామందిలో అది ఎక్కువగా ఉంటుంది. తెమడను ఫంగస్ కల్చర్‌కి పంపడం మంచిదే గానీ, దానిలో ఏమీ రానంత మాత్రాన బంతి లేదని అర్థం కాదు.

టీబీ ఉందో లేదో చూడటం కూడా మానకూడదు, రెండూ కలిసి ఉండటం కద్దు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇప్పుడు ప్రభుత్వ కేంద్రాల్లో చేసే సీబీనాట్, ట్రూనాట్ లాంటి పరీక్షలు క్రిమి డీఎన్ఏను పట్టుకుంటాయి. పాత రోగిలో చచ్చిన క్రిమి తాలూకు ముక్కలు మిగిలినా అవి అతి స్వల్పంగా పాజిటివ్ చూపవచ్చు. అలాంటప్పుడు బతికున్న క్రిమి మొలుస్తుందో లేదో కల్చర్ చేసి చూడాలి. మన కొట్టు యజమానికి డీఎన్ఏ పరీక్షా, కల్చరూ రెండూ నెగటివే. సీటీలో మాత్రం అయిదు సెంటీమీటర్ల గుంట, అందులో మూడున్నర సెంటీమీటర్ల ఉండ ఉన్నాయి. బోర్లా పడుకుంటే దొర్లింది. ఐజీజీ బాగా పెరిగింది. టీబీ మందులు ఆపేశారు.

బూజు ఉండకు నెత్తురు గొట్టాలు ఉండవు. మరి ఇంత నెత్తురు ఎక్కడిది? గుంట గోడది. ఉండ రాపిడి, బూజు విడుదల చేసే పదార్థాలు, చుట్టూ నిత్యం రగిలే వాపు, ఇవన్నీ కలిసి ఆ గోడలో కొత్త రక్తనాళాలు పుట్టేలా చేస్తాయి. ఇవి ఊపిరితిత్తులకు గుండె కుడివైపు నుంచి వచ్చే తక్కువ ఒత్తిడి నాళాలు కావు. గుండె ఎడమవైపు నుంచి మెడ, చేతులు, కడుపు అన్నిటికీ రక్తం పంపే పెద్ద ధమని ఉంది కదా, దాని నుంచి విడిపోయే బ్రాంకియల్ ధమనులు. చేతికి పట్టీ చుట్టి కొలిచే రక్తపోటే వాటిలో ఉంటుంది. మామూలుగా సన్నని దారంలా ఉండే ఈ ధమనులు గుంట పక్కన లావెక్కి మెలికలు తిరిగి ఉంటాయి. వాటిలో ఒకటి తెగితే నెత్తురు జిమ్ముతుంది.

ప్రాణం పోయేది నెత్తురు కారిపోయి కాదు, ఊపిరాడక. శ్వాస గొట్టాల్లో పట్టే చోటు మొత్తం కలిపి సుమారు 150 మిల్లీలీటర్లు, టీ గ్లాసు కంటే కాస్త ఎక్కువ. అందులో నెత్తురు గడ్డ కడితే మంచి ఊపిరితిత్తి కూడా మునిగిపోతుంది. అందుకే నెత్తురు పడుతున్నప్పుడు ఇంట్లో చేయాల్సిన పని తెలుసుకుని ఉండాలి. బంతి ఏ వైపు ఉందో ముందే తెలిసి ఉంటే ఆ వైపు కిందికి వచ్చేలా ఒత్తిగిల్లి పడుకోబెట్టాలి, అప్పుడు నెత్తురు రెండో ఊపిరితిత్తిలోకి పారదు. దగ్గును ఆపడానికి మత్తు సిరప్‌లు తాగించకూడదు, నెత్తురు మింగమనకూడదు. ఎంత పడిందో తెలిసేలా ఏదైనా కొలత ఉన్న గిన్నెలోకి ఊయించాలి. మరకలా ఒకటి రెండు చారలు అయితే మర్నాడు డాక్టరును కలవొచ్చు. చెంచాల లెక్కలో పడుతుంటే ఆ రోజే వెళ్లాలి. కప్పుల లెక్కలో పడినా, ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆలోచన వద్దు, 108. వెళ్లేటప్పుడు పాత స్కాన్, వేసుకుంటున్న మాత్రల చీటీ వెంట ఉండాలి, ముఖ్యంగా గుండె జబ్బుకు ఇచ్చే రక్తం పల్చబరిచే మాత్రలు ఉంటే.

ఆ రాత్రి మన మనిషిని ఒంగోలు తీసుకెళ్లారు. ఆక్సిజన్ పెట్టారు, రక్తం గడ్డ కట్టడానికి తోడ్పడే ట్రానెక్సామిక్ ఆసిడ్ ఇచ్చారు, రక్తం గ్రూపు చూసి పెట్టుకున్నారు. తెల్లవారేసరికి తగ్గింది. భార్య డాక్టరును అడిగింది: "టీబీ కాదంటున్నారు కదా సార్, మరి మందులతో ఆ ఉండ కరగదా?" 

ఇదే ఈ జబ్బులో అసలు ప్రశ్న. సూటిగా చెప్పాలంటే, ఉండ మధ్యలోకి మందు చేరదు. నెత్తురు వెళ్లని చోటికి మాత్ర మింగిన మందు ఎలా వెళుతుంది? గోడకు చేరుతుంది, గోడలోకి చొచ్చుకొస్తున్న బూజును అణుస్తుంది. కొందరిలో ఉండ దానంతటదే విరిగి దగ్గుతో పోతుంది కూడా, అయితే వందలో పదిమందికి మించి కాదు. దాన్ని నమ్ముకుని కూర్చోలేం. గుంట స్థిరంగా ఉండి, గోడ పల్చగా ఉండి, మనిషికి ఏ బాధా లేకుండా ఏదో పరీక్షలో కనపడిన బంతిని మాత్రం ముట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండటమే మేలు.

వెంటనే నెత్తురు ఆపడానికి ఇప్పుడున్న గట్టి దారి బ్రాంకియల్ ధమని ఎంబొలైజేషన్. 1970ల మొదట్లో ఫ్రాన్స్‌లో జాక్ రెమీ బృందం దీన్ని చేసి చూపింది. గజ్జలో లేదా మణికట్టులో చిన్న రంధ్రంతో సన్నని గొట్టాన్ని ధమనిలోకి పంపి, ఛాతీ లోపలి పెద్ద ధమని దాకా తీసుకెళ్తారు. వీపు మధ్యలోని వెన్నుపూసల ఎత్తున బ్రాంకియల్ ధమని చీలే చోటు వెతుకుతారు. రంగుమందు కొడితే లావెక్కిన మెలికల నాళాలు తెర మీద కనిపిస్తాయి. అప్పుడు ఆ గొట్టం ద్వారా 300 నుంచి 500 మైక్రాన్ల సైజు పాలివినైల్ ఆల్కహాల్ రేణువులను వదిలి నాళాన్ని మూసేస్తారు. సైజు ముఖ్యం. మరీ సన్నవైతే చివరి కణజాలం దాకా వెళ్లి దాన్ని చంపుతాయి. కొందరిలో వెన్నుపాముకు రక్తం ఇచ్చే నాళం ఇదే కొమ్మ నుంచి పుడుతుంది, అది కనిపిస్తే ఆ చోటు దాటి లోపలికి వెళ్లి మాత్రమే రేణువులు వదులుతారు, లేకపోతే కాళ్లు చచ్చుబడతాయి. జాగ్రత్తగా చేసేచోట ఆ ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువ. తర్వాత రెండు మూడు రోజులు ఛాతీలో నొప్పి, కాస్త జ్వరం, మింగేటప్పుడు ఇబ్బంది ఉండొచ్చు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారు, రంగుమందు పడనివారు ముందే చెప్పాలి.

చాలామందికి నెత్తురు అప్పటికప్పుడు ఆగుతుంది. కానీ ఆస్పర్‌జిలోమా ఉన్నవారిలో మళ్లీ మొదలవడం మిగతా జబ్బుల కంటే ఎక్కువ. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. నాళం మూశారు, గుంటా ఉండా లోపలే ఉన్నాయి. పక్కటెముకల ధమనులు, రొమ్ము ధమని, చంక దగ్గరి కొమ్మలు కూడా గోడకు దారి చేసుకుంటాయి. అందుకే ముందుగా సీటీ యాంజియో తీసి ఎక్కడెక్కడి నుంచి కొమ్మలు వస్తున్నాయో పటం వేసుకుంటే పని పూర్తిగా జరుగుతుంది. అరుదుగా గుంట గోడలో ఊపిరితిత్తి ధమనే ఉబ్బి పగులుతుంది. బ్రాంకియల్ ధమనులన్నీ మూసినా నెత్తురు ఆగకపోతే దాని కోసం వెతకాలి.

మళ్లీ రాకుండా చేసే దారి శస్త్రచికిత్స ఒక్కటే. గుంట ఉన్న ఊపిరితిత్తి భాగాన్ని కోసి తీసేస్తారు. గుంటా బంతీ రెండూ పోతాయి. అయితే పాత టీబీ ఊపిరితిత్తి ఛాతీ గోడకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీసేటప్పుడే రక్తం ఎక్కువ పోతుంది. మిగిలిన ఊపిరితిత్తి బిగుసుకుపోయినదైతే ఖాళీ చోటును నింపలేదు. ఆ ఖాళీలో గాలి కారడం, చీము చేరడం, నెలల తరబడి గొట్టం పెట్టుకుని తిరగడం లాంటివి వస్తాయి. పూర్వపు రోజుల్లో సంక్లిష్టమైన రోగుల్లో నూటికి పదిమంది ప్రాణాలు పోయిన లెక్కలు ఉన్నాయి. ఒకే బంతి, పల్చటి గోడ, చుట్టూ ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి, వయసులో ఉన్న మనిషి అయితే ఫలితాలు చాలా మెరుగు. అలాంటి ముప్పై అయిదేళ్ల వ్యక్తికి నెత్తురు పడుతుంటే నేను మొదట అడిగే మాట "సర్జన్‌కి చూపించారా?" అనే. ఎంబొలైజేషన్‌తో నెత్తురు ఆపి, ఒళ్లు కుదుటపడ్డాక నింపాదిగా చేసే ఆపరేషన్, నెత్తురు పారుతుండగా అర్ధరాత్రి చేసే దానికంటే ఎంతో భద్రం.

మన మనిషికి ఆ దారి మూసుకుపోయింది. గొట్టంలోకి బలంగా ఊదించి చేసే శ్వాస పరీక్షలో మొదటి సెకనులో బయటికి వచ్చిన గాలి 1.1 లీటర్లు. అతని వయసుకు, పొడవుకు రావాల్సింది సుమారు 2.8 లీటర్లు. అంటే ఉన్నది ఇంచుమించు 40 శాతమే. ఒక భాగం కోసేస్తే ఇంకా తగ్గుతుంది. మెట్లెక్కలేని ఆయాసంతో మిగిలే ఆపరేషన్ ఎవరికి మేలు? ఎడమవైపు కూడా మచ్చలున్నాయని స్కాన్ చెప్పింది. ఇలాంటి వారికి ఛాతీ గోడలో చిన్న కిటికీ తెరిచి గుంటలోంచి ఉండను తీసి, ఆ ఖాళీని కండతో నింపే పద్ధతి ఉంది. లేదా గొట్టం ద్వారా గుంటలోకి నేరుగా యాంఫోటెరిసిన్ మందు వదులుతారు. రెండూ అనుభవం ఉన్న కొద్ది చోట్లే చేస్తారు, మిగతావన్నీ విఫలమయ్యాకే.

అతనికి ఎంబొలైజేషన్ చేసి, ఇట్రాకొనజోల్ మొదలుపెట్టారు. గోడ మందంగా మారడం, నెలకో కిలో బరువు తగ్గడం చూస్తే బూజు గుంటను దాటి చుట్టూ పాకుతున్నట్టు తేలింది. ఈ రకం జబ్బులో మందుకు పని ఉంది. చండీగఢ్ పీజీఐ వైద్యులు ఇందులో ప్రపంచానికి ఉపయోగపడే పని చేశారు. 2013లో వారు ప్రచురించిన పరీక్షలో ఆరు నెలల ఇట్రాకొనజోల్ వాడినవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి మెరుగైంది, మందు లేకుండా మామూలు చికిత్స పొందినవారిలో మూడోవంతుకు కొంచెం ఎక్కువ మందికే. 2022లో అదే సంస్థ ఆరు నెలలా, పన్నెండు నెలలా అని పోల్చి చూసింది. రెండేళ్లలో జబ్బు తిరగబెట్టినవారు ఆరు నెలల జట్టులో 38 శాతం, ఏడాది వాడినవారిలో 10 శాతం. నెత్తురు ఆగగానే మందు మానేసే మనుషులకి ఈ రెండు అంకెలు చూపిస్తే చాలు.

ఆ మందు మోతాదు మామూలుగా 200 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. క్యాప్సూల్ అయితే కడుపు నిండా అన్నం తిన్నాక వెంటనే వేసుకోవాలి, కడుపులో ఆమ్లం ఉంటేనే అది ఒంటికి పడుతుంది. కాబట్టి గ్యాస్ మాత్రలు దానికి శత్రువులు. ఇంకా పెద్ద శత్రువు రిఫాంపిసిన్, టీబీ మందుల్లో మూత్రాన్ని ఎర్రగా చేసేది. ఇది కాలేయాన్ని తొందరపెట్టి ఇట్రాకొనజోల్‌ను రక్తంలో దాదాపు లేకుండా చేస్తుంది. అనవసరంగా టీబీ మందులు ఇస్తూ ఫంగస్ మందు కూడా జోడించే చోట రెండోది వృథా. రిఫాంపిసిన్ ఆపాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. కొలెస్ట్రాల్‌కి వేసుకునే కొన్ని మాత్రలు, గుండెకు ఇచ్చే కొన్ని మందులు దీనితో కలిస్తే ప్రమాదం. పాదాలు వాచినా, ఆయాసం పెరిగినా, కళ్లు పచ్చబడినా, అరికాళ్లు తిమ్మిరెక్కినా చెప్పాలి. వీలుంటే రెండు వారాలకు రక్తంలో మందు ఎంత ఉందో కొలిపించుకుంటే, మింగుతున్నది పనికొస్తుందో లేదో తెలుస్తుంది.

మందు మొదలుపెట్టిన ఎనిమిదో నెలలో అతనికి మళ్లీ రెండు చెంచాల నెత్తురు పడింది. ఈసారి భయపడి ఊళ్లో కూర్చోలేదు. సీటీ యాంజియోలో పక్కటెముకల కింది నుంచి వచ్చిన కొత్త కొమ్మ కనిపించింది, దాన్నీ మూశారు. ఏడాది పూర్తయ్యేసరికి అయిదు కిలోలు పెరిగాడు. ఉండ చిన్నదైంది, పోలేదు. ఇప్పుడు ఆరు నెలలకోసారి స్కాన్, ఐజీజీ చూపించుకుంటున్నాడు. నెత్తురు మరక కనిపించిన రోజు ఎవరికి ఫోన్ చేయాలో, ఏ వైపుకు ఒత్తిగిల్లాలో కొట్టు గోడ మీద భార్య రాసి పెట్టింది: "కుడివైపు."